ఏడో ప్రశ్నకి అందరి జవాబూ ఒకటే

మా ఆయన ఫౌజీ, సైన్యంలో ఉన్నాడు. ఢిల్లీ కంటోన్మెంట్‌లో మాకు క్వార్టరుంది. అక్కణ్ణుంచి రోజూ పొద్దున్నే బయల్దేరి, మెట్రోలు మారి, చివర్లో ఒక షేర్ ఆటో ఎక్కి, ఫరీదాబాద్‌లో కార్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీకి వెళ్తాను. అక్కడ నేను సేఫ్టీ ఆఫీసర్ని. హెల్మెట్ పెట్టుకోలేదని మనుషుల మీద అరవడం, అరిచినందుకు వాళ్ళ చేత వెనకాల తిట్లు తినడం, ఈ రెండూ నా ఉద్యోగం. నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి మిషన్లు నడిచే షాపులో అందరికీ తెలుసు, ఇంట్లో ఇంకా బాగా తెలుసు.

మా దగ్గర ఏడాదికోసారి సేఫ్టీ పరీక్ష ఉంటుంది. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. పదహారు సరిగ్గా రాస్తే పాసు. పాసైతే ఫొటో అంటించిన కార్డు. ఆ కార్డు ఉన్నవాడికే ట్యాంకులో దిగడానికీ, ఎత్తు మీద పని చెయ్యడానికీ, దిగినవాడికి పైన కాపలా ఉండటానికీ నేను పర్మిట్ మీద సంతకం పెడతాను. మా దగ్గర కొనే పెద్ద కంపెనీలవాళ్ళు ఆడిట్‌కి వచ్చినప్పుడు ముందు అడిగేది ఆ పేపర్ల ఫైలే. కాబట్టి మా ఫ్యాక్టరీలో పరీక్ష అంటే ఫైలు. ఫైలు నిండితే అందరం హాయిగా ఊపిరి పీల్చుకుంటాం.

"మీ పరీక్షలన్నీ పేపరు మీదే. మా దగ్గర రాత్రీ పగలూ చేయించి చేయించి చేతికి నేర్పిస్తారు," అని మా ఆయన అప్పుడప్పుడూ ఎగతాళి చేసేవాడు. "మీకు తుపాకులున్నాయి, మాకు ఆడిటర్లున్నారు, ఎవరి భయం వాళ్ళది," అనేదాన్ని.

పోయినేడు ఒక పని చేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, చెప్పకపోతే ఈ కథకి అర్థం లేదు. ఆడిట్ తెల్లారితే ఉంది. నలభై రెండు మంది పరీక్ష రాయాలి. లైన్ సూపర్‌వైజర్ నా టేబుల్ దగ్గర నిలబడి బతిమాలాడు. "మేడమ్ జీ, సగం మంది ఫెయిలైతే లైను ఆగిపోతుంది. జీఎం సాబ్ మనిద్దర్నీ నమిలేస్తారు. ఒక్క ఫొటో తీసుకోనివ్వండి. ఈ ఒక్కసారికే." నా ఎదురుగా ఆకుపచ్చ పెన్నుతో రాసుకున్న జవాబుల కాగితం ఉంది. నేను కిటికీ వైపు తిరిగాను. ఫోను టక్‌మని చప్పుడు చేసింది. అంతే. నేనేమీ ఇవ్వలేదని నాకు నేను చెప్పుకున్నాను.

ఈ ఏడాది కొత్త పేపరు తయారుచేద్దామనే అనుకున్నాను. టైము లేదు. పాత ప్రశ్నలే ఉంచి, ఒక నాలుగింటికి మాత్రం జవాబుల వరస మార్చాను. అయిదో ప్రశ్న, ఏడు, పదకొండు, పద్దెనిమిది. మిగతా పదహారూ ముట్టుకోలేదు. పాతది ఎవరి దగ్గరైనా ఉన్నా ఇక పనికిరాదులే అని తెగ మురిసిపోయాను. పదహారుకే పాసు అన్న లెక్క ఆ క్షణంలో నా బుర్రకి తట్టలేదు.

నలభై రెండు మందిలో ఒక్కడే ఫెయిలయ్యాడు. శ్రీకాకుళం మనిషి. యాభై దాటిన వయసు, ఒకప్పుడు సముద్రం మీద వేటకెళ్ళినవాడు, ఏ కాంట్రాక్టరు వెంటో ఊళ్ళు తిరిగి తిరిగి ఫరీదాబాద్ చేరాడు. హిందీ మాట్లాడతాడుగానీ చదవలేడు. పేపరు హిందీలో ఉంది. మిగతావాళ్ళకున్న వాట్సాప్ గ్రూపు అతని డబ్బా ఫోనులో లేదు. ఇరవైలో నాలుగు టిక్కులు కొట్టి, మిగతావి వదిలేసి, అడుగున వేలిముద్రంత జాగ్రత్తగా తెలుగులో సంతకం పెట్టి ఇచ్చాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమయ్యా, రాకపోతే అడగొచ్చు కదా! నోట్లో బెల్లం ముక్కుందా?" అన్నాను.

"ఏటని అడగాల మేడంగోరూ? అందరూ సకసకా రాసేత్తన్నారు. నానొక్కణ్ణే ఎర్రోడిలాగ సెయ్యెత్తాలా?" అన్నాడు.

ఫెయిలైనవాడికి మళ్ళీ పాఠం చెప్పాలని రూలు. మిగతావాళ్ళకి హాల్లో కూర్చోబెట్టి గంటలో తెర మీద బొమ్మలు వేసి చెప్పేశాను. ఇతని కోసం మరో గంట పోతోందని విసుక్కుంటూ, టీ టైములో కూర్చుని తెలుగులో ప్రశ్నలు చదివాను. ఏడో ప్రశ్న దగ్గరకొచ్చాం. ట్యాంకులో దిగిన నీ తోటివాడు పడిపోయాడు, నువ్వు పైనున్నావు, ముందు ఏం చేస్తావు?

"దిగిపోతాను. మనిసి పడిపోతే సూస్తూ కూకుంటామేటి?"

"అదే తప్పు. దిగకూడదు."

"అదేటి మాట! మీకు జాలి నేదేటి?"

నాకు మళ్ళీ కోపమొచ్చింది. కోపంలోనే వివరంగా చెప్పాను. బురద కుళ్ళితే అందులోంచి ఒక గాలి పుడుతుంది. మొదట కుళ్ళిన గుడ్డు వాసన కొడుతుంది. అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలీదు, వాసన పోయిందిలే అనుకుంటాం. అంతలోనే మనిషి కూలిపోతాడు. ఏ గాలి అతన్ని పడేసిందో నిన్నూ అదే పడేస్తుంది. మూతికి గుడ్డ కట్టుకున్నా, దుమ్ము మాస్కు పెట్టుకున్నా గాలిని అవి ఆపవు. లోపల మనిషి పడిపోయాక, సొంత గాలి సిలిండరు వీపున వేసుకుని, అది వాడటం నేర్చినవాడు తప్ప ఎవ్వరూ దిగకూడదు.

 టీ చల్లారిపోయింది. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మా బోటు అడుగున సేపలు దాసే గది ఉండీది. ఓపాలి సేపలు కుళ్ళిపోనాయి. కడగడానికి ఒకడు దిగి పడిపోనాడు. ఆడిని తేడానికి ఇంకొకడు దిగినాడు. ఇద్దరూ పైకి రానేదు. మేం దెయ్యం అనుకున్నాం మేడంగోరూ. ఆ బోటు మరెవ్వరూ ఎక్కనేదు."

 "అదీ ఈ గాలే," అన్నాను.

"అయితే దెయ్యం కాదన్నమాట." ముఖం తుడుచుకున్నాడు. "మరి సెయ్యాల్సిందేటి?"

మాటల్లో చెబితే అర్థం కావట్లేదని అతన్ని ట్యాంకు దగ్గరికే తీసుకెళ్ళాను. మూత మీద మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి చూపించాను. దానికి ఇనప తాడు, తాడు చుట్టుకునే చక్రం, తిప్పడానికి హ్యాండిలు. దిగేవాడు భుజాలకీ తొడలకీ బెల్టు కట్టుకుంటాడు, వీపున ఉన్న కొక్కేనికి ఈ తాడు తగిలిస్తాం, పడిపోతే పైనుంచే తిప్పి లాగేస్తాం, కేకేసి మనుషుల్ని పిలుస్తాం. ఇసక బస్తా ఒకటి దింపి అతని చేత పైకి తిప్పించాను. మూడుసార్లు తిప్పాడు. నాలుగోసారి నేను చాలన్నా వినకుండా తిప్పాడు.

తర్వాత హిందీ పేపరు మీద అతనికి మళ్ళీ పరీక్ష ఎలా పెట్టాలో తేల్చుకోలేక, రిజిస్టర్లో అతని పేరు పక్కన ఫెయిల్ అనే ఉంచాను. అందువల్ల అతనికి ట్యాంకులో దిగే పనీ లేదు, పైన కాపలా పనీ లేదు. బయట బకెట్లు మోయడం, పైపు పట్టుకోవడం, అంతే.

ఆ వారంలోనే ట్యాంకు శుభ్రం చేయాల్సొచ్చింది. షాపుల్లోంచీ క్యాంటీన్‌లోంచీ వచ్చే మురుగునీళ్ళన్నీ చేరే ట్యాంకు అది. రెండు నిలువుల లోతు, పైన మనిషి పట్టేంత మూత, అడుగున బురద. పొద్దున పర్మిట్ నేనే రాశాను. విషవాయువు ఉంటే మోగే మీటరు దారానికి కట్టి పైనా, మధ్యా, అడుగునా గాలి కొలిచాను. బాగానే ఉంది. లోపలికి మంచి గాలి ఊదే బ్లోయర్ పెట్టించాను. దిగేవాడికి బెల్టు కట్టించి, తాడు తగిలించి, మీటరు అతని గుండె మీదే తగిలించాను. పైన కాపలా అతని బావమరిది. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే గది, ఒకే డబ్బాలో తింటారు. ఇద్దరి కార్డులూ చూశాను. పదహారు, పదహారు. పాసు, పాసు. సంతకం పెట్టాను. ఆడిట్ ఫైలు కట్టాలని ఆఫీసుకి వచ్చేశాను.

ఫైలు కడుతూ పేపర్లు ఒక్కొక్కటే తిరగేస్తున్నాను. మార్కులు లెక్కపెట్టింది ఆఫీసు అమ్మాయి, నేను పేపర్లు చూడలేదు. పదహారు. పదహారు. పదహారు. అచ్ఛా, అందరూ ఒకేలా చదివారే అని మొదట నవ్వొచ్చింది. మరో అయిదారు తిరగేశాక నవ్వు ఆగింది. అందరి తప్పులూ ఒకే చోట ఉన్నాయి. అయిదు, ఏడు, పదకొండు, పద్దెనిమిది.

నేను వరస మార్చిన నాలుగు. వాళ్ళంతా ప్రశ్న చదవలేదు, నా పాత కాగితంలోని అక్షరాలు వరసగా దింపేశారు.  ఏడో ప్రశ్నకి పోయినేడు సరైన జవాబు మూడోది. ఈ ఏడాది మూడో చోటికి నేనే మార్చి పెట్టిన జవాబు: "మూతికి తడి గమ్‌ఛా తువ్వాలు కట్టుకుని వెంటనే దిగి అతన్ని బయటికి లాగాలి." నలభై ఒక్క మంది దాని మీద టిక్కు కొట్టారు. పదకొండోది మీటరు మోగితే ఏం చేయాలన్నది. అక్కడా అందరిదీ ఒకటే టిక్కు: "బ్యాటరీ అయిపోయింది, పని అయ్యాక మార్చాలి."

కాపలా ఉన్న బావమరిది పేపరు వెతికి తీశాను. అదే టిక్కు.  అతనికి ఏమీ తెలియదు. ఏమీ తెలియనివాడిని నేను సంతకం పెట్టి ఆ మూత దగ్గర నిలబెట్టాను. ఫోను చేద్దామంటే ట్యాంకు దగ్గరికి ఫోన్లు తీసుకెళ్ళకూడదని పెట్టెలో పెట్టించిందీ నేనే. వాకీటాకీ ఒకటి కాపలా మనిషి దగ్గర ఉండాలి. అది ఎదురుగా నా టేబుల్ మీదే ఛార్జింగ్‌లో ఉంది, పచ్చదీపం వెలుగుతూ.

పరిగెత్తాను. షాపులో ఎవరైనా పరిగెడితే చార్జిషీటు ఇస్తానని బోర్డు పెట్టించినదాన్ని, చున్నీ ఎక్కడ పడిందో తెలీకుండా ప్రెస్ షాపు మధ్యనుంచి పరిగెత్తాను. ఫోర్క్‌లిఫ్ట్ వాడు బ్రేకు వేసి నోరు తెరిచాడు. ఏం కాదు, ఏం కాదు, పొద్దున గాలి బాగానే ఉంది కదా, నేనే కొలిచాను కదా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఆ వెంటనే, బురద కలియబెట్టకముందు కొలిచావు, ఇప్పుడు కలియబెడుతున్నారు అని మరో మాట. వెంకన్నబాబూ, ఈ ఒక్కసారికి అనుకున్నాను. పోయినేడు సూపర్‌వైజర్ కూడా సరిగ్గా ఆ మాటే అన్నాడని గుర్తొచ్చింది.

షాపు దాటి మలుపు తిరగ్గానే అరుపులు వినపడ్డాయి.

ట్యాంకు మూత దగ్గర బావమరిది నేల మీద బోర్లా పడి కొట్టుకుంటున్నాడు. మూతికి తడి గమ్‌ఛా కట్టుకుని ఉన్నాడు. అతని నడుము రెండు చేతులా కావలించుకుని మీద పడి ఉన్నాడు మా శ్రీకాకుళం మనిషి. మోచేతి దెబ్బ తగిలి అతని పెదవినుంచి రక్తం కారుతోంది. బావమరిది "జీజా! జీజా!" అని అరుస్తున్నాడు, "ఛోడ్! బావ చచ్చిపోతున్నాడు, నన్ను వదులు!" అంటున్నాడు. చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు, ఎవరికీ కాలూచెయ్యీ ఆడటం లేదు. బ్లోయర్ ఆగిపోయి ఉంది. అక్కడున్న బోర్డుకి ఒక్కటే సాకెట్టు. బురద పంపు నడపాలని బ్లోయర్ ప్లగ్గు తీసేశారు. లోపలినుంచి మీటరు కీచుకీచుమని అరుస్తోంది.

వంగి చూశాను. దిగినవాడు అడుగున ఒక పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. హెల్మెట్ ఊడిపోయింది. చెంప బురదలో ఉంది, నోరు బురదకి వేలెడు దూరంలో ఉంది. పొద్దున నాతో నవ్వుతూ "మేడమ్, బెల్టు బిగుతుగా కట్టకండి, పరాఠా తిన్నాను" అన్నాడు. కాస్త పక్కకి జారితే ముక్కు మునిగిపోతుంది. ఒక్కసారి దిగి, ఆ తల ఎత్తి పట్టుకుంటే చాలు, ఎంతసేపు పడుతుంది, అర నిమిషం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. నా కుడికాలు నిచ్చెన మొదటి మెట్టు మీద ఉంది. ఎప్పుడు పెట్టానో నాకు తెలీదు.

నా జాకెట్ కాలరు పట్టుకుని ఎవరో వెనక్కి లాగారు. వెల్లకిలా పడ్డాను.

"ఎక్కడికెల్తన్నారు మేడంగోరూ! ఏడో పెశ్న మరిసిపోనారేటి?"

అతనే. బావమరిదిని పక్కనున్నవాళ్ళ మీదికి తోసేసి వచ్చాడు. "ఆణ్ణి ఇడిసిపెట్టకండి, పట్టుకోండ్రా!" అని తెలుగులోనే అరిచాడు. ఏం అర్థమైందోగానీ ఇద్దరు బావమరిదిని గట్టిగా పట్టుకున్నారు. అతను స్టాండు దగ్గరికి దూకి హ్యాండిలు పట్టుకున్నాడు. తాడు తగిలే ఉంది. పొద్దున నేను తగిలించిన తాడు, అంతసేపూ అక్కడే, అందరి కళ్ళ ముందే ఉంది. ఒక్కరికీ కనపడలేదు. నాకూ కనపడలేదు.

"ఒకటి, రెండు, మూడు..." పైకే లెక్కపెడుతూ తిప్పాడు. అప్పుడు నాకు ఒళ్ళు తెలిసింది. పంపు ప్లగ్గు పీకి బ్లోయర్ పెట్టమని అరిచాను. ఒకణ్ణి అంబులెన్స్‌కీ, ఒకణ్ణి నా గదిలోని ఆక్సిజన్ సిలిండర్ కోసమూ తరిమాను. మూత దగ్గరనుంచి అందర్నీ గాలి వచ్చే వైపుకి నెట్టాను. తాడు అంగుళం అంగుళం వస్తోంది. ఆ చక్రం చాలా నెమ్మది. అంత నెమ్మదిగా తిరిగేది ఈ లోకంలో ఇంకోటి లేదు. ముందు వేలాడుతున్న తల వచ్చింది, తర్వాత భుజాలు. బావమరిది అరవడం మానేశాడు. శ్రీకాకుళం మనిషి లెక్క మాత్రం ఆపలేదు.

పైకి తీసి దూరంగా పడుకోబెట్టాం. ఊపిరి ఉంది. సన్నగా, ఆగి ఆగి, కానీ ఉంది. బురద బట్టలు కోసేసి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఆక్సిజన్ మాస్కు పెట్టాను. మాస్కు రబ్బరు రెండుసార్లు జారింది. బావమరిది అతని పాదాలు పట్టుకుని కూర్చుని, "నాకు దిగాలనే తెలుసు మేడమ్ జీ, దిగాలనే రాశాను కదా, పాసయ్యాను కదా," అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. నాకు అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఆసుపత్రి వరండాలో సాయంత్రం దాకా నిలబడ్డాను. బావమరిది తన ఫోను తీసి ఏదో చూపించాడు, తనని తాను సమర్థించుకోవాలని కాదు పాపం, ఏదైనా ఉపయోగపడుతుందేమోనని. పరీక్ష ముందు గ్రూపులో వచ్చిన ఫొటో. ఆకుపచ్చ పెన్ను. నా చేతిరాత. కాగితం అంచున నా టీ కప్పు మరక కూడా ఉంది. నేను ఫోను తిరిగి ఇచ్చేసి గోడకి ఆనుకున్నాను. డాక్టరు బయటికొచ్చి ప్రమాదం తప్పిందని, రెండు రోజులు ఉంచుకుని పంపిస్తామని అన్నాడు. అప్పుడు ఏడ్చాను. వరండాలో అందరూ చూస్తుండగానే, ఏం సిగ్గు పడకుండా ఏడ్చాను.

మర్నాడు జీఎం పిలిచాడు. "అందరూ సర్టిఫైడే కదా? పేపర్లున్నాయి కదా?" అన్నాడు.

"ఉన్నాయి సార్."

"మరింకేం, మనం సేఫ్."

"మనం సేఫే సార్. సేఫ్ కానిది ట్యాంకులో దిగేవాళ్ళే," అన్నాను. నా గొంతు లేచింది. రిపోర్టులో అన్నీ రాశాను. నలభై ఒక్క పేపర్లలోని జవాబులు ఎక్కడినుంచి వచ్చాయో, ఆ రాత ఎవరిదో, వాకీటాకీ ఎవరి టేబుల్ మీద ఉందో, ఒక్క సాకెట్టు బోర్డు దగ్గర పర్మిట్ ఎవరు ఇచ్చారో. అన్నిటికీ ఒకటే పేరు, నాది. మెమో ఇచ్చారు. ఉద్యోగం పోతుందని పదిరోజులు అన్నం సయించలేదు. పోలేదు. మా ఆయన ఈసారి ఎగతాళి చెయ్యలేదు, అదే ఇంకా బాధగా ఉండింది.

అందరి కార్డులూ రద్దు చేసి పరీక్ష మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు ట్యాంకు దగ్గరే, నోటితో, ఎవరి భాషలో వాళ్ళకి. హిందీ, భోజ్‌పురి, ఒడియా, ఏదొస్తే అది, నాకు రాకపోతే వచ్చినవాణ్ణి పక్కన పెట్టుకుని. ఇసక బస్తా దింపి ప్రతివాడి చేతా తిప్పిస్తాను. అడుగుతాను, ఎందుకు అని అడుగుతాను, ఆ ఎందుక్కి జవాబు వచ్చేదాకా కార్డు లేదు. ఒక్కొక్కరికి అరగంట పడుతుంది. లైను ఆగుతుంది. సూపర్‌వైజర్ నన్ను చూస్తే తల తిప్పుకుంటాడు.

మొదటి కార్డు మా శ్రీకాకుళం మనిషికే ఇద్దామని వెళ్ళాను. పెదవి మీద కుట్టు ఇంకా ఉంది.

"నాను పాసయినట్టేనా మేడంగోరూ?"

"ఎప్పుడో అయ్యావు. నేనే ఫెయిలని రాశాను."

"మరి మీరో?"

ఎగతాళిగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఆ రోజు నిచ్చెన మీద నా కాలు ఎక్కడుందో చూసింది అతనొక్కడే. ఆ మాట ఎవరికీ చెప్పలేదు కూడా.

"నా పరీక్ష నువ్వే పెట్టు," అన్నాను.

ఇసక బస్తా దింపాడు. నన్ను హ్యాండిలు దగ్గర నిలబెట్టి, తను మూత పక్కన గొంతుక్కూచుని, నేను మూడేళ్ళుగా అడిగే గొంతుతోనే అడిగాడు. "మనిసి పడిపోనాడు. ముందుగాల ఏటి సేత్తారు?"

"కేక వేస్తాను. దిగను. ఇక్కణ్ణుంచే తిప్పుతాను."

"దిగరు?"

"దిగను."

కాసేపు నా ముఖంలోకి చూశాడు. "లోపల పడింది మీ ఇంటాయనైతే?"

ఈ ప్రశ్న నా ఇరవైలోనూ లేదు. ఆ చీకటి మూతలోకి చూశాను. చెంప బురదలో ఆనించి ఒరిగిపోయిన ముఖం కనపడింది, ఈసారి అది మా ఆయన ముఖం. కాళ్ళు ముందుకి పోతామన్నాయి.  హ్యాండిలు పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాను. కళ్ళనీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి తియ్యలేదు. అతను పక్కన కూర్చుని లెక్కపెడుతున్నాడు. బస్తా పైకొచ్చేదాకా తిప్పుతూనే ఉన్నాను.